రోడ్డు ప్రమాదంలో మనిషి పోతే: ఆరు నెలల గడువు, మొదటి పది రోజుల కాగితాలు

(అనంతపురంలో జరిగిన న్యాయ అవగాహన సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. అమ్మలు చాలామంది వచ్చారు, సంతోషం. వెనక నిలబడినవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఈరోజు ఒక్క విషయమే మాట్లాడతాను. ఇంట్లో సంపాదించే మనిషి రోడ్డు ప్రమాదంలో పోయాడు. అవతల బండికి ఇన్సూరెన్స్ ఉంది. భార్యాపిల్లలకు, తల్లిదండ్రులకు పరిహారం రావాలి. అది ఎట్ల వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది? దెబ్బలు తగిలి బతికినవాళ్ల కేసులు వేరు, వాటి జోలికి పోను. గుద్దింది ఏ బండో తెలియని కేసులకు వేరే పథకం ఉంది, దాని గురించి చివర్లో రెండు మాటలు చెప్తాను.

ఒక మనిషిని ఊహించుకుందాం. వయసు 34. బేల్దారి పని. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. గుత్తి నుంచి అనంతపురం వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద మోటార్ సైకిల్‌లో వస్తున్నాడు. వెనక నుంచి లారీ గుద్దింది. తేదీ 2025 జనవరి 12. అనంతపురం పెద్దాసుపత్రిలో చేర్చారు, అక్కడి నుంచి బెంగళూరు తీసుకుపోయారు. ఫిబ్రవరి 3న ప్రాణం పోయింది. ఈ మనిషి కేసునే మొదటి నుంచి చివరిదాకా పట్టుకుని పోదాం.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. వీళ్లు ట్రిబ్యునల్‌లో, అంటే మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టులో, దరఖాస్తు ఎప్పటిలోగా వెయ్యాలి? ఆరు నెలలు, సరే. ఏ రోజు నుంచి ఆరు నెలలు? ఫిబ్రవరి 3 నుంచి అంటున్నారు కదా? కాదు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ మూడో ఉపసెక్షన్‌లో ఉన్న మాట "ప్రమాదం జరిగిన నాటి నుంచి" అని. చనిపోయిన నాటి నుంచి కాదు, దినకర్మ అయిన నాటి నుంచి కాదు, పోలీసులు చార్జిషీటు వేసిన నాటి నుంచి అసలే కాదు. కాబట్టి జనవరి 12 నుంచి లెక్క. జూలై 12కు గడువు అయిపోతుంది. ఇరవై రెండు రోజులు ఆసుపత్రిలో కొట్టుకున్నాడు కదా, ఆ ఇరవై రెండు రోజులు కూడా గడువులోనే పోయినాయి.

ఇంకోటి చూడండి. ఆ ఏడాది జూలై 12 రెండో శనివారం, కోర్టుకు సెలవు. ఆఖరు రోజు సెలవైతే కోర్టు తెరిచిన మొదటి రోజు వెయ్యొచ్చు, ఆ వెసులుబాటు ఉంది. కానీ మధ్యలో మే నెల ఉంది, సివిల్ కోర్టులకు వేసవి సెలవులు. కాగితాల నకళ్లు రావడానికి ఆ నెల అంతా పోతుంది. అందుకని క్యాలెండర్‌లో ఆరో నెలను గుర్తు పెట్టుకోవద్దు, నాలుగో నెలను గుర్తు పెట్టుకోండి.

"మా పెదనాయన కేసు మూడేండ్ల తర్వాత వేశారు సార్, డబ్బులొచ్చినాయి" అని మీలో కొందరు అంటారు. నిజమే. 1994లో చట్టం సవరించి ఈ గడువును తీసేశారు. అప్పటి నుంచి చాలా ఏండ్లు గడువు లేకుండానే నడిచింది. 2019 సవరణలో మళ్లీ పెట్టారు, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత కేసు చూసి కొత్త కేసు అట్లే అనుకోవద్దు.

ఈ ఆరు నెలల నిబంధన చెల్లదని సుప్రీంకోర్టులో కేసులు పడ్డాయి. 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఒక మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. గడువు దాటిందన్న కారణంతో ట్రిబ్యునళ్లు, హైకోర్టులు ఈ దరఖాస్తులను కొట్టేయకూడదని చెప్పింది. ఇప్పటికే ఆరు నెలలు దాటిపోయిన కుటుంబం ఉంటే ఇంట్లో కూర్చోకుండా వెంటనే న్యాయవాదిని కలవాలి, తలుపు మూసుకోలేదు. అయితే అది మధ్యంతర ఉత్తర్వు. తుది తీర్పు ఎట్ల వస్తుందో దాన్నిబట్టి మారొచ్చు. గడువులో ఉన్నవాళ్లు దాన్ని నమ్ముకుని ఆలస్యం చేస్తే నష్టం మీకే. పైగా వడ్డీ దరఖాస్తు వేసిన నాటి నుంచి లెక్కేస్తారు. ఆలస్యం చేసిన ప్రతి నెలా ఆ మేరకు వడ్డీ పోతుంది.

పోలీసులు పంపిస్తారు కదా, మనం ఎందుకు వెయ్యాలి?

ఇది మంచి ప్రశ్న. చట్ట ప్రకారం ప్రమాదం వివరాలు పోలీసులే ట్రిబ్యునల్‌కు పంపాలి. 2022 నుంచి కేంద్ర నియమాల్లో ఫారాలు పెట్టారు. ప్రమాదం సమాచారం అందిన 48 గంటల్లో మొదటి నివేదిక. పది రోజుల్లో మీ హక్కులేమిటో చెప్పే కాగితం, అది ఫారం 2, మీ చేతికి ఇవ్వాలి. అరవై రోజుల్లోగా మీ కుటుంబ వివరాలతో ఫారం 6 నింపి దర్యాప్తు అధికారికి మీరివ్వాలి, మైనర్ పిల్లలుంటే వాళ్లది 6-ఏ. తొంభై రోజుల్లో అన్నీ కలిపి సమగ్ర నివేదిక, ఫారం 7, ట్రిబ్యునల్‌కు పోవాలి. ఆ నివేదికనే ట్రిబ్యునల్ మీ దరఖాస్తుగా తీసుకోవచ్చు. 2022 డిసెంబరులో గోహర్ మొహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఇవన్నీ కచ్చితంగా పాటించాలని చెప్పింది.

మరి అది ఉండగా మనకెందుకు? ఎందుకంటే ఆ నివేదిక ఆలస్యమైనా, అందులో మీ ఆదాయం "కూలి" అని ఒక్క ముక్క రాసి పంపినా, తల్లి పేరు వదిలేసినా నష్టపోయేది మీరు. స్టేషన్‌కు పోయి ఫారం 2 అడగండి. ఫారం 6 నింపి ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. నివేదిక పోయిందా లేదా కనుక్కోండి. పోయినా పోకపోయినా గడువులోగా మీ దరఖాస్తు మీరు వేసుకోండి. రెండూ ఉంటే ట్రిబ్యునల్ కలిపి చూస్తుంది. ఒకటీ లేకపోతే చూడటానికి ఏమీ ఉండదు.

ఎక్కడ వెయ్యాలి? ప్రమాదం జరిగిన చోటనే వెయ్యాలని లేదమ్మా. మీరు నివాసం ఉండే చోట వెయ్యొచ్చు, బండి యజమాని ఉండే చోటా వెయ్యొచ్చు. మనవాళ్లు ఎక్కడో తమిళనాడులో పోయినా ఈ కుటుంబం అనంతపురంలోనే వేసుకోవచ్చు. జిల్లా కోర్టే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. కర్నూలులో, కడపలో అంతే. హిందూపురం, ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు తట్టు ఉన్నవాళ్లకు అక్కడి అదనపు జిల్లా కోర్టులు ఉన్నాయి.

క్రిమినల్ కేసు తేలేదాకా ఆగాలా అని అడుగుతారు. ఆగొద్దు. డ్రైవర్ మీద మేజిస్ట్రేట్ కోర్టులో నడిచేది వేరు, ఇది వేరు. అక్కడ డ్రైవర్‌ను విడిచిపెట్టినా ఇక్కడ మీ కేసు దానంతట అది పోదు. ఇక్కడ రుజువు కొలత తక్కువ, ఎక్కువ సంభావ్యత ఎటు ఉందో చూస్తారు.

మొదటి పది రోజుల్లో రాసిన మాటలు

ఇప్పుడు అసలు విషయానికొస్తున్నాను. కేసు గెలిచేది ఓడేది కోర్టులో అనుకుంటాం. కాదు. మొదటి పది రోజుల్లో స్టేషన్‌లో, మార్చురీ దగ్గర ఏం రాశారో అక్కడే సగం తేలిపోతుంది. మీరు దుఃఖంలో ఉంటారు, నాకు తెలుసు. అందుకే ఇంట్లో కొంచెం నిబ్బరంగా ఉండే ఒక బావమరిదో చిన్నాయనో ఈ పని మీద ఉండాలి.

మొదటిది ఫిర్యాదు, దాని మీద వచ్చే ఎఫ్‌ఐఆర్. లారీ నంబరు అందులో ఉందా? నంబరు తెలిసి కూడా "ఏదో లారీ" అని రాస్తే, ఇరవై రోజుల తర్వాత నంబరు చేరిస్తే, ఇన్సూరెన్స్ కంపెనీ ఏమంటుంది? "ఈ బండి ప్రమాదం చెయ్యలేదు, డబ్బు కోసం తెచ్చి పెట్టినారు" అంటుంది. నంబరు ఎవరు చూశారు, ఆ మనిషి పేరేమిటి, మొదటిరోజే రాయించండి. అట్లని చూడనిది చూసినట్టు రాయించొద్దు. ఫిర్యాదు ఇచ్చే తమ్ముడు ఇంట్లో ఉండి ఫోను వస్తే పోయినవాడు. "నేను కళ్లారా చూసినాను" అని సంతకం పెడతాడు. క్రాస్ పరీక్షలో అది అరగంటలో కూలిపోతుంది, దాంతోపాటు మిగతా నిజాలు కూడా కూలిపోతాయి. ఫలానా ఆయన చెప్తే తెలిసింది అని రాయండి, ఆ ఫలానా ఆయన్ని సాక్షిగా పెట్టండి. అంతే.

ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దిన కేసులు మన హైవే మీద చాలా ఉన్నాయి. అక్కడ "మనవాడే పోయి గుద్దినాడు" అని రాసుకుంటే అయిపోయినట్టే. లారీ రోడ్డు మీదనే ఆపి ఉందా, పార్కింగ్ లైట్లు వెలుగుతున్నాయా, వెనక రిఫ్లెక్టర్ ఉందా, రాళ్లో కొమ్మలో పెట్టారా? ఇవి స్థల పంచనామాలో, స్కెచ్‌లో రావాలి. తెల్లారేసరికి లారీ తీసేస్తారు. ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీసి దర్యాప్తు అధికారికి ఇవ్వండి.

రెండోది, మన కేసులో మనిషి ప్రమాదం రోజు పోలేదు. మొదట గాయాల కేసు కింద ఎఫ్‌ఐఆర్ ఉంటుంది. ఫిబ్రవరి 3న పోయిన వెంటనే ఆ సంగతి గుత్తి తట్టు ఏ స్టేషన్‌లో కేసు ఉందో ఆ స్టేషన్‌కు చెప్పాలి. అప్పుడు సెక్షన్ మార్చి, నిర్లక్ష్యంతో మరణం, అంటే భారతీయ న్యాయ సంహిత 106 కింద, మేజిస్ట్రేట్‌కు మెమో పంపుతారు. ఆ మెమో నకలు మీ దగ్గర ఉండాలి. గాయానికి మరణానికి మధ్య తాడు అది.

ఇక పోస్టుమార్టం. ఇది గట్టిగా చెప్తున్నాను, వినండి. బెంగళూరులో ఖర్చు భరించలేక, డాక్టర్లు వద్దన్నా సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకుంటారు. పది రోజులకు ఇంట్లో పోతాడు. "ఎట్లాగూ పోయినాడు, మళ్లీ కోయించడం ఎందుకు" అని పెద్దవాళ్లంటారు, అదేరోజు ఖననం చేస్తారు. ఆ మాట వెనక ఉన్న బాధ అర్థమవుతుంది. కానీ ఆర్నెల్ల తర్వాత కంపెనీ లాయరు అడిగేది ఒకటే ప్రశ్న: "ఇతను ప్రమాదం గాయంతోనే పోయినాడని ఎవరు చెప్పారు? గుండెపోటు కాదని ఏమిటి?" మీ దగ్గర జవాబు చెప్పే కాగితం ఉండదు. వైద్యం చేసిన డాక్టరును సాక్షిగా పిలిచి, కేస్ షీటు తెప్పించి కొంత నిలబెట్టవచ్చు. కొన్నిసార్లు నిలబడదు కూడా. అప్పుడు మరణం పరిహారం రాదు. అందుకని ఎన్ని రోజులకు పోయినా, ఇంట్లో పోయినా, ముందు స్టేషన్‌కు ఫోను, శవ పంచనామా, పోస్టుమార్టం, తర్వాతే అంత్యక్రియలు.

బెంగళూరు ఆసుపత్రిలోనే పోతే అక్కడే పోస్టుమార్టం చేస్తారు. ఆ నివేదిక మన స్టేషన్ ఫైలులోకి వచ్చిందా లేదా మీరు కనుక్కోవాలి. డెత్ సర్టిఫికెట్ కూడా పోయిన చోటనే ఇస్తారు. మన సచివాలయంలో అడిగితే రాదు, బెంగళూరులోనే తీసుకోవాలి. నమోదు 21 రోజుల్లోగా జరగాలి. పేరు, తండ్రి పేరు అక్షరాలు ఆధార్‌లో ఉన్నట్టే రాశారా అని అక్కడే చూసుకోండి. తర్వాత దిద్దించుకోవడానికి మళ్లీ బెంగళూరే పోవాలి.

మూడోది శవ పంచనామా. దీన్ని ఎవరూ పట్టించుకోరు. మార్చురీ బయట కూర్చుని పోలీసు అడుగుతాడు: "వయసెంత?" ఎవరో అంటారు, "నలభై ఉంటుంది సార్". "ఏం పని?" "కూలి సార్". రాసేస్తాడు. బంధువులు సంతకాలు పెట్టేస్తారు. ఆ రెండు ముక్కల విలువెంతో ఇప్పుడు లెక్కేసి చూపిస్తాను. పెన్ను కాగితం ఉన్నవాళ్లు తియ్యండి.

లెక్క

పరిహారం లెక్కకు పద్ధతి ఉంది. 2009లో సరళా వర్మ కేసు, 2017లో ప్రణయ్ సేఠీ కేసు, ఈ రెండు సుప్రీంకోర్టు తీర్పుల మీద ఇప్పుడు అన్ని ట్రిబ్యునళ్లూ నడుస్తున్నాయి.

మన బేల్దారికి నెలకు 15,000 ఆదాయమని రుజువైంది అనుకుందాం. ఏడాదికి 1,80,000. బతికుంటే ముందు ముందు సంపాదన పెరిగేది కదా? దానికి కలుపుతారు. సొంతంగా పని చేసుకునేవాడు, నలభై లోపు వయసు, కాబట్టి నలభై శాతం. అంటే 72,000 కలిపితే 2,52,000. అందులో తన సొంత ఖర్చు తీసేస్తారు. ఆధారపడినవాళ్లు నలుగురు, కాబట్టి నాలుగో వంతు తీస్తారు. 63,000 పోతే 1,89,000. దీన్ని వయసుకు తగిన గుణకంతో హెచ్చిస్తారు. 31 నుంచి 35 ఏండ్లకు గుణకం 16. మొత్తం 30,24,000.

దీనికి తోడు కుటుంబ సాహచర్యం పోయినందుకు, ఆస్తి నష్టానికి, అంత్యక్రియలకు కొంత. 2017లో 40 వేలు, 15 వేలు, 15 వేలు అని పెట్టి, మూడేండ్లకోసారి పది శాతం పెంచమన్నారు. రెండుసార్లు పెరిగి 48,400, 18,150, 18,150 అయినాయి. సాహచర్యం సొమ్ము భార్యకొక్కదానికే కాదు, పిల్లలకూ తల్లికీ విడివిడిగా ఇవ్వాలని 2018 నుంచి సుప్రీంకోర్టు చెప్తోంది. నలుగురికీ కలిపి 1,93,600. మిగతా రెండూ 36,300. అన్నీ కూడితే 32,53,900. దీని మీద దరఖాస్తు నాటి నుంచి వడ్డీ.

ఇప్పుడు వెనక్కి పోదాం. "కూలి" అని రాశారు, ఆదాయానికి వేరే రుజువు లేదు. ట్రిబ్యునల్ ఊహించి 10,000 వేసింది అనుకోండి. అదే లెక్క మళ్లీ చెయ్యండి: 1,20,000, పెరుగుదలతో 1,68,000, నాలుగో వంతు పోతే 1,26,000, పదహారుతో 20,16,000. ఎంత తగ్గింది? పది లక్షలు. నెలకు వెయ్యి రూపాయల రుజువు ఈ కుటుంబానికి రెండు లక్షల పైమాట. అది గుర్తు పెట్టుకోండి.

వయసు చూద్దాం. ఆధార్‌లో 36 అని పడింది, నిజానికి 34. గుణకం 16 కాక 15 అవుతుంది. 1,89,000 పోయినట్టే. ఆధార్ వయసుకు రుజువు కాదు, బడి సర్టిఫికెట్ ఉంటే దాన్నే తీసుకోవాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఐదో తరగతి చదివినా సరే, చదివిన బడికి పోయి టీసీ గానీ స్టడీ సర్టిఫికెట్ గానీ తెచ్చుకోండి. అయితే ఇది రెండు వైపులా పదునున్న మాట. బడి కాగితంలో వయసు ఎక్కువుంటే అదే నిలుస్తుంది. దిద్దొద్దు. దిద్దిన కాగితం దొరికితే మొత్తం కేసు మీద అనుమానం పడుతుంది.

ఆదాయానికి ఏం పెట్టాలి? బేల్దారికి జీతం స్లిప్పు ఎక్కడిది అంటారు. భవన నిర్మాణ కార్మికుల బోర్డు కార్డు ఉందా? ఈ-శ్రమ్ కార్డు ఉందా? వాటిలో వృత్తి రాసి ఉంటుంది, నైపుణ్యం ఉన్న పనివాడని అది చెప్తుంది. బ్యాంకు పాస్‌బుక్కులో, ఫోన్‌పేలో ఇల్లు కట్టించుకున్నవాళ్లు వేసిన డబ్బులు కనబడతాయి. ప్రమాదానికి ముందు ఏడాదిది స్టేట్‌మెంట్ తీయించండి. ఆయన ఫోన్ నంబరును, సిమ్‌ను వెంటనే రద్దు చేయించొద్దు, ఆ లావాదేవీలు దొరకడం కష్టమవుతుంది. మేస్త్రీ గానీ కాంట్రాక్టరు గానీ "నెలకు ఇంత ఇచ్చేవాణ్ణి" అని సర్టిఫికెట్ ఇస్తాడు. ఇచ్చి ఊరుకుంటే దానికి విలువ లేదు. ఆయన కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాలి, లెక్క పుస్తకమో చెల్లింపుల వివరమో చూపాలి. వస్తాడా రాడా అని ముందే అడిగి పెట్టుకోండి.

రైతు పోతే ఇంకో చిక్కు. పట్టాదారు పాసుపుస్తకం పెట్టి, ఐదెకరాల శనక్కాయల ఆదాయమంతా పోయిందంటారు. కంపెనీ అంటుంది, భూమి ఎక్కడికీ పోలేదు కదా, వారసులకే వచ్చింది కదా అని. అది సరైన వాదనే. పోయింది ఆయన కష్టం, ఆయన అజమాయిషీ. ఆయన పోయాక సేద్యం చేయడానికి కూలి ఎంత పెడుతున్నారు, లేకపోతే కౌలుకిచ్చి ఎంత తక్కువ తెచ్చుకుంటున్నారు అన్నది చూపాలి. పాడి ఉంటే పాల కేంద్రం చెల్లింపు చీటీలు తీసి పెట్టండి.

ఎల్ఐసీ డబ్బు వచ్చింది, దాన్ని ఇందులో కోస్తారా అని ఇక్కడొక అమ్మ అడుగుతోంది. కొయ్యరమ్మా. అది ఆయన ప్రీమియం కట్టుకున్న సొమ్ము.

కాగితాల మూట ఎట్ల కట్టుకోవాలో ఒకసారి చెప్తాను. పోలీసు వైపు నుంచి ఎఫ్‌ఐఆర్, సెక్షన్ మార్పు మెమో, స్థల పంచనామా, శవ పంచనామా, పోస్టుమార్టం, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ నివేదిక, చార్జిషీటు. మేజిస్ట్రేట్ కోర్టులో కాపీ దరఖాస్తు వేస్తే ధ్రువీకరించిన నకళ్లు ఇస్తారు. జెరాక్సులు సాక్ష్యంలో నిలవవు. చార్జిషీటు ఇంకా రాలేదని ఆగొద్దు, దరఖాస్తు వేసి తర్వాత చేర్చొచ్చు. బండి వైపు నుంచి ఆర్‌సీ, డ్రైవర్ లైసెన్సు, ఇన్సూరెన్స్ పాలసీ. లారీ నంబరు ఉంటే పరివాహన్ సైటులో ఇన్సూరెన్స్ ఏ కంపెనీ, ఎప్పటిదాకా ఉందో చూడొచ్చు. పాలసీ ప్రమాదం జరిగిన గంటకు అమల్లో ఉందా అన్నది ముఖ్యం, ప్రమాదం మధ్యాహ్నమైతే సాయంత్రం కట్టిన పాలసీ పనికిరాదు. మీ వైపు నుంచి డెత్ సర్టిఫికెట్, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, రేషన్ కార్డు, అందరి ఆధార్లు, బ్యాంకు పాస్‌బుక్కులు, ఆసుపత్రి బిల్లులు అసలువి. వారసత్వ సర్టిఫికెట్ కోసం సివిల్ కోర్టుకు పోనక్కర్లేదు. అందులో నెలలు పోగొట్టుకోవద్దు.

దరఖాస్తులో వారసులందరి పేర్లూ ఉండాలి. కోడలికి అత్తకు పడక, అత్త పేరు వదిలేసి వేస్తారు. తర్వాత అత్త వేరే కేసు వేస్తుంది, రెండూ కలిసేదాకా డబ్బు ఆగిపోతుంది. పైగా ఇందాకటి లెక్క చూడండి. తల్లిని వదిలేస్తే ఆధారపడినవాళ్లు ముగ్గురే, సొంత ఖర్చు నాలుగో వంతు కాక మూడో వంతు తీస్తారు. 2,52,000లో 84,000 పోయి 1,68,000 మిగులుతుంది, పదహారుతో 26,88,000. మూడు లక్షల ముప్పై ఆరు వేలు తగ్గినాయి. అత్తను తీసేస్తే కోడలి వాటా పెరగదు, మొత్తమే తగ్గుతుంది. కలిసి రానివాళ్లుంటే వాళ్లను ప్రతివాదులుగానైనా చూపండి.

ఇక ఇంటికొచ్చే మనుషుల సంగతి. ప్రమాదం తెలిశాక ఇన్సూరెన్స్ కంపెనీ అధికారి రాజీ ప్రతిపాదన తేవచ్చు, చట్టంలో దానికి దారి ఉంది. తప్పెవరిదో రుజువు లేకుండా మరణానికి 5 లక్షలు, అది 164వ సెక్షన్. తప్పు మనవాడి మీదకే వచ్చేట్టున్నా, సాక్షులు లేకపోయినా అది మంచి దారే. కానీ ఆ పద్ధతిలో ఆ 5 లక్షలు ఒప్పుకుని తీసుకుంటే, ట్రిబ్యునల్‌లో మీ 166 దరఖాస్తు రద్దయిపోతుంది. మన బేల్దారి కుటుంబం 32 లక్షల కేసును 5 లక్షలకు వదులుకున్నట్టు. సంతకం పెట్టకముందు లెక్క వేయించుకోండి. లోక్ అదాలత్‌లో రాజీ కూడా అంతే, అక్కడ తీర్పు మీద అప్పీలు లేదు. తొందరగా డబ్బు వస్తుంది, మంచిదే. మీ లెక్క ఎంతో తెలిసి కూర్చోండి, అంతే నేను చెప్పేది.

వచ్చినదాంట్లో ఇంత శాతం ఇవ్వాలని ఒప్పంద పత్రం రాయించుకునేవాళ్లు కూడా వస్తారు. న్యాయవాది పరిహారంలో వాటా మాట్లాడుకోవడం నిబంధనలకు విరుద్ధం. ఖాళీ కాగితాల మీద, చెక్కుల మీద సంతకాలు అడిగితే పెట్టొద్దు. ఫీజు పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి, కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని పెడతారు. ఫోను నంబరు 15100.

పనికి పోయే కూలీలు ట్రాక్టరు ట్రాలీలో, బొలేరోలో సరుకు మీద కూర్చుని పోతూ చనిపోయిన కేసులు అడుగుతున్నారు. అవి కష్టమైనవి. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి ఇన్సూరెన్స్ వర్తించదని కంపెనీ వాదిస్తుంది, చట్టం చాలావరకు వాళ్ల వైపే ఉంది. కొన్ని కేసుల్లో కంపెనీ ముందు కట్టి యజమాని దగ్గర వసూలు చేసుకోమని అంటారు, కొన్నిట్లో యజమానే కట్టాలంటారు. ఆ మనిషి బండి యజమాని దగ్గర కూలీనా, సరుకు సొంతదారా, ఊరికే ఎక్కినవాడా అన్నది మొదటిరోజు ఫిర్యాదులో ఉన్నదున్నట్టు రావాలి.

బండి ఏదో తెలియకపోతే ట్రిబ్యునల్ కాదు, రెవెన్యూ వాళ్ల దగ్గరికి పోవాలి. ఆర్డీవో గానీ తహసీల్దారు గానీ విచారణ అధికారిగా ఉంటారు, కలెక్టర్ మంజూరు చేస్తారు. మరణానికి 2 లక్షలు. తర్వాత బండి దొరికి పరిహారం వస్తే ఆ మేరకు తిరిగి సర్దుతారు.

తీర్పు వచ్చాక ముప్పై రోజుల్లో డబ్బు జమ కావాలి. పిల్లల వాటా మేజర్లయ్యేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది. చదువుకో వైద్యానికో కావాలంటే ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేసి కొంత తీసుకోవచ్చు. తక్కువ ఇచ్చారనిపిస్తే తొంభై రోజుల్లో హైకోర్టులో అప్పీలు. కంపెనీ అప్పీలు వేస్తే ముందుగా 25 వేలు గానీ తీర్పు మొత్తంలో సగం గానీ, ఏది తక్కువైతే అది, కట్టి వెయ్యాలి. కంపెనీ గానీ యజమాని గానీ కట్టకుండా ఊరుకుంటే ట్రిబ్యునల్‌లో అడిగి కలెక్టరుకు వసూలు పత్రం పంపించుకోవచ్చు, భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టే చేస్తారు. ఇన్సూరెన్స్ లేని బండి కేసుల్లో దీనితోనే ఎక్కువ పని. అందుకని యజమాని పేరు మీద ఏ ఆస్తి ఉందో కేసు నడిచేటప్పుడే కనుక్కుని పెట్టుకోండి.